గొంతు బొంగురుపోతే ఎన్నాళ్ళు ఆగాలి?



పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే మన ఇళ్ళల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. "పాపం, దానికి గొంతు పోయిందిట!" అంటారు. కొందరు బొంగురుపోయిందంటారు, కొందరు జీరపోయిందంటారు, మరికొందరు రాచుకుపోయిందంటారు. పేరేదైనా సంగతి ఒక్కటే. నిన్నటిదాకా గంటలా పలికిన గొంతు ఇవాళ పొద్దున లేచేసరికి పగిలిన పళ్ళెంలా మోగుతుంది, లేదా అసలు మోగనే మోగదు. జలుబు చేసి పోతుంది, అరిచి అరిచి పోతుంది, ఒక్కోసారి రెండూ కలిసి వస్తాయి. అప్పుడు ఇంటిల్లిపాదీ వైద్యులైపోతారు. ఒకరు మిరియాల పాలంటారు, ఒకరు కరక్కాయంటారు, ఒకరు ఐస్‌క్రీమ్ తిన్నావు కాబోలునంటారు. కాని అసలు తెలియవలసిన రెండు సంగతులు మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటి పనుల మధ్య గొంతుకు విశ్రాంతి ఇవ్వడమంటే ఏం చెయ్యాలి, ఎన్నాళ్ళు చూసి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి అన్నవే ఆ రెండూ. ఈ రోజు వాటిని గురించే చెప్పదలిచాను.

ముందు మీ చూపుడువేలు, బొటనవేలు కలిపి గొంతు ముందుభాగాన, మింగినప్పుడు పైకీ కిందకీ కదిలే గట్టి భాగం మీద ఆనించి, నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అనండి. వేళ్ళకు సన్నగా అదురు తెలుస్తుంది కదూ! అది స్వరపేటిక. దాని లోపల రెండు చిన్న మడతలుంటాయి. వాటిని స్వరతంత్రులంటారు. ఆడవాళ్ళలో వాటి పొడుగు సుమారు ఒక సెంటీమీటరు, ఆపైన కొంచెం. అంతే. ఊపిరి పీల్చేటప్పుడు అవి విడిపోయి దారి ఇస్తాయి. మాట్లాడేటప్పుడు దగ్గరకు చేరి, కిందినుంచి వచ్చే గాలికి ఒకదానికొకటి తగులుతూ అదురుతాయి. మామూలుగా మాట్లాడే ఆడదాని గొంతులో అవి సెకనుకు సుమారు 200 సార్లు అలా తగులుతాయి. మగవాళ్ళకైతే 100 పైచిలుకు. అంటే మీరు ఒక్క నిమిషం మాట్లాడితే చాలు, అవి వేల సార్లు చప్పట్లు కొట్టినట్లే.

ఆ మడతలు వాచాయనుకోండి. పట్టుదారాన్ని నీళ్ళలో తడిపితే ఎలా ఉబ్బి బరువెక్కుతుందో అలా అవుతాయి. బరువెక్కినది నెమ్మదిగా కదులుతుంది కనుక గొంతు కిందికి దిగి మగగొంతులా వినబడుతుంది. అంచులు సమంగా కలవవు కనుక సందులోంచి గాలి జారి, మాట గాలిమాటలా వస్తుంది. వాపు మరీ ఎక్కువైతే అవి అదరనే అదరవు, పెదవులు కదులుతాయి గాని శబ్దం రాదు. బొంగురు గొంతంటే ఇంతే. జలుబు చేసినప్పుడు ముక్కులో ఏ పొర వాచి దిబ్బడ వేస్తుందో, దాదాపు అలాంటి వాపే కిందికి దిగి ఈ మడతలకూ వస్తుంది. అరిచినప్పుడు జబ్బేమీ లేకుండానే, వేగంగా, గట్టిగా ఒకదానికొకటి కొట్టుకుని కందిపోతాయి. బట్టలుతికి ఉతికి అరచేతులు ఎర్రబడ్డట్టన్నమాట.

అసలు చిక్కు ఈ రెండూ కలిసినప్పుడు. జలుబుతో అప్పటికే వాచిన మడతల మీద అరుపు పడితే దెబ్బ మీద దెబ్బ. మా చిన్న తోడికోడలికి జరిగింది అదే. పోయినేడు మాఘమాసంలో వాళ్ళమ్మాయి పెళ్ళి. పెళ్ళికి రెండు రోజుల ముందు పడిశం పట్టింది. పెళ్ళికూతురి తల్లి కదా, పడుకోవడానికి వీలెక్కడిది? కల్యాణమండపంలో ఒక మూల బ్యాండు, మరో మూల జనరేటరు, మధ్యలో మైకు. వంటవాళ్ళని కేకెయ్యాలి, వియ్యాలవారిని పలకరించాలి, తాంబూలాల సంచులు ఎక్కడున్నాయో పదిమందికి చెప్పాలి. రాత్రి అప్పగింతల వేళకే గొంతు గరగరలాడింది. మర్నాడు లేచేసరికి పూర్తిగా పూడిపోయింది. మూడో రోజున సత్యనారాయణ వ్రతం, ఇల్లంతా చుట్టాలు.

"అక్కా, ఎల్లుండికి గొంతు రావాలి, ఏదైనా చెప్పు" అని గుసగుసగా అడిగింది. మొదట ఆ గుసగుసే మానమన్నాను.

ఇది చాలామందికి వింతగా తోస్తుంది. గొంతు పోయినప్పుడు గుసగుసలాడితే మేలనుకుంటాం. కాని వినబడేలా గుసగుసలాడాలని ప్రయత్నించినప్పుడు చాలామంది స్వరతంత్రుల పైన ఉన్న కండరాలను బిగబట్టి, ఆ సన్నని సందులోంచి గాలిని బలవంతంగా నెడతారు. అలసిన గొంతును మరింత నలిపినట్టవుతుంది. అందరికీ అలా కాదు, కాని మనది ఏ రకమో మనకు తెలియదు కదా. అందుచేత మాట్లాడక తప్పనప్పుడు గుసగుస కాకుండా, పక్కన కూర్చున్న మనిషికి మాత్రమే వినబడేటంత మెల్లగా, నెమ్మదిగా, మామూలు గొంతుతోనే నాలుగు ముక్కలు చెప్పాలి. బొంగురుగా వస్తే రానివ్వండి. చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉన్నవాళ్ళతో తప్ప మాట్లాడకూడదని ఒక గీత గీసుకుంటే సరిపోతుంది.

విశ్రాంతి అంటే సన్యాసుల మౌనవ్రతం కానక్కరలేదు. మామూలు జలుబుకో, అరుపుకో పోయిన గొంతుకు రెండు మూడు రోజులు చాలా తక్కువ మాట్లాడితే చాలు. కాని ఆ "చాలా తక్కువ" అన్నది మన ఇళ్ళల్లో ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా! ఆఫీసులో పనిచేసే ఆయనకు గొంతు పోతే సెలవు పెట్టి పడుకుంటాడు. ఇల్లాలికి గొంతు పోతే పాలవాడు ఆగుతాడా, పనిమనిషి ఆగుతుందా? పైగా మనం ఒక గదిలో ఉండి మరో గదిలో వాళ్ళతో మాట్లాడే అలవాటు పెట్టుకున్నాం. వంటింట్లో మిక్సీ తిరుగుతుంటుంది, కుక్కరు కూతేస్తుంటుంది, ముందుగదిలో టీవీ మోగుతుంటుంది. వాటన్నిటి మీదుగా "ఒరే, స్నానానికి వేళయింది" అని కేకేస్తాం. చుట్టూ చప్పుడున్నప్పుడు మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. అది మనిషి స్వభావం. కనుక గొంతు తగ్గించాలంటే ముందు చప్పుడు తగ్గించాలి.

మా తోడికోడలికి చేసిన ఏర్పాటు ఇది. పూజామందిరంలో గంట తీసి ఆవిడ చేతికిచ్చాం. పిల్లల పలక ఒకటి పక్కన పెట్టాం. ఎవరైనా కావలసివస్తే గంట కొట్టాలి, వాళ్ళు దగ్గరకు రావాలి, ఆవిడ రాసి చూపాలి. ఫోను మా మరిది తీసుకున్నాడు. ఫోనులో మాట్లాడేటప్పుడు అవతల వినబడదేమోనని అందరం గొంతు పెంచుతాం కనుక అదొకటి తప్పింది. వచ్చిన చుట్టాలకు మా అత్తగారు, "దానికి మాట్లాడకూడదుట, డాక్టరు చెప్పాడు" అని గుమ్మంలోనే చెప్పేశారు. ఏ డాక్టరూ చెప్పలేదు. కాని తోడికోడలు చెప్పిందంటే ఎవరు వింటారు? వ్రతం నాడు కథ పురోహితుడు చదివాడు, హారతి పాట మా ఆడబడుచు పాడింది. ఆడపెళ్ళివారి తల్లి పాడలేదని ఎవరూ ఏమీ అనుకోలేదు.

గొంతు సవరించుకోవడం ఇంకొక సంగతి. వాపు ఉన్నప్పుడు లోపల ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. అది కఫం కాదు, వాపే. కాని మనం "ఖళ్ళ్" మని సవరిస్తాం. అలా సవరించిన ప్రతిసారీ ఆ రెండు మడతలూ గట్టిగా ఢీకొంటాయి, వాపు పెరుగుతుంది, మళ్ళీ అడ్డం పడ్డట్టుంటుంది, మళ్ళీ సవరిస్తాం. రేడియోలో మాట్లాడేవాళ్ళకు ఈ జాగ్రత్త మొదటినుంచీ అలవాటు. మైకు ముందు కూర్చున్నాక గొంతులో గరగర అనిపిస్తే ఖంగుమని దగ్గరు. ఒక గుక్క నీళ్ళు మింగుతారు, లేదా ఉత్తినే ఒకసారి గుటక వేస్తారు. చాలామటుకు గరగర అంతటితో సర్దుకుంటుంది. మీరూ చేసి చూడండి.

ఇక నీళ్ళ సంగతి. వేడినీళ్ళు తాగితే గొంతు తెరుచుకుంటుందని తాగుతాం. నిజం చెప్పాలంటే మనం తాగిన నీళ్ళు స్వరతంత్రులను తాకనే తాకవు. అవి ఉన్నది గాలిగొట్టం మొదట్లో, నీళ్ళు వెళ్ళేది ఆహారనాళంలోకి. పొరపాటున ఒక్క చుక్క అటు వెళితే పొలమారి ఉక్కిరిబిక్కిరవుతాం కదా! మరి నీళ్ళెందుకు? ఒంట్లో నీరు సరిపడా ఉంటేనే ఆ మడతల మీద ఉండే పల్చని జిగురు తడిగా, జారుడుగా ఉంటుంది. తడి ఉంటే తక్కువ ఊపిరితోనే అవి అదురుతాయి. నీరు చాలకపోతే ఆ జిగురు చిక్కబడి బంకలా పట్టుకుంటుంది. తాగిన నీరు ఒంటికి పట్టి అక్కడికి చేరడానికి గంటలు పడుతుంది గనుక, పాట పాడబోయే ముందు గబగబా రెండు గ్లాసులు తాగితే లాభం అంతంతమాత్రం. పొద్దుటినుంచి గంటకో అర గ్లాసు చొప్పున, రోజు మొత్తం మీద ఏడెనిమిది గ్లాసులు తాగాలి. ఎండాకాలమైతే ఇంకొంచెం. మూత్రం రంగు లేత నిమ్మనీళ్ళలా ఉంటే సరిపోయినట్టే, ముదురు పసుపుగా ఉంటే చాలనట్టు. గుండెజబ్బుకో, మూత్రపిండాల జబ్బుకో నీళ్ళు తగ్గించి తాగమని డాక్టరు చెప్పినవాళ్ళు మాత్రం ఆ లెక్కనే పాటించాలి.

వేడిగానే తాగాలనేమీ లేదు. గోరువెచ్చనివి హాయిగా ఉంటే అవే తాగండి. పల్చటి మజ్జిగ, చారు, గంజి ఏదైనా నీటి కిందే లెక్క. పొద్దునా సాయంత్రం కాఫీ తాగే అలవాటుంటే దానికోసం బెంగపడనక్కరలేదు. మా అత్తగారు మిరియాల పాలు కాచిచ్చారు. గొంతుకు హాయిగా ఉందన్నది మా తోడికోడలు. ఉంటుంది, మింగేచోట వెచ్చదనం తగులుతుంది, కొంత దగ్గూ ఉపశమిస్తుంది. కాని ఆ పాలు వెళ్ళి వాపు తీసేస్తాయనుకోకూడదు. ఉప్పునీళ్ళు పుక్కిలించడమూ అంతే. అది గొంతు వెనుకభాగం వరకే వెళుతుంది, స్వరపేటిక దాకా దిగదు. గొంతునొప్పి ఉంటే చెయ్యండి, మంచిదే. అతిమధురం బుగ్గన పెట్టుకునేవారు, రక్తపోటు ఉంటే దాన్ని రోజుల తరబడి వాడవద్దు. అది రక్తపోటును పెంచుతుంది. ఏడాది నిండని పసిపిల్లలకు దగ్గని తేనె నాకించడం అసలే కూడదు.

నీళ్ళు చేరనిచోటికి ఆవిరి చేరుతుంది. పీల్చిన గాలితోపాటు తడి నేరుగా ఆ మడతల మీదకు వెళుతుంది. అందుకే ఆవిరి పట్టగానే గొంతు కాస్త సడలినట్టుంటుంది. ఆ సుఖం ఒక గంటో రెండు గంటలో ఉంటుంది. జబ్బును అది తగ్గించదు, రోజులు గడిచేదాకా మనకు ఉపశమనం ఇస్తుంది. అందుచేత దానికోసం ఒళ్ళు కాల్చుకునేటంత సాహసం అక్కరలేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. ఆవిరి పడుతుండగా గిన్నె ఒరిగి తొడలు, పొట్ట బొబ్బలెక్కి ఆస్పత్రికి చేరేవాళ్ళు, అందులోనూ పిల్లలు, ఉంటూనే ఉంటారు.

పద్ధతి చెబుతాను. అడుగు వెడల్పుగా ఉన్న బరువైన గిన్నెలో మూడు గ్లాసుల నీళ్ళు మరిగించండి. పొయ్యి మీదినుంచి దించి, గోడకు ఆనించిన బల్ల మీద, కింద తడిగుడ్డ పరిచి పెట్టండి. తడిగుడ్డ ఉంటే గిన్నె జారదు. రెండు నిమిషాలు ఆగండి, కుతకుతలాడే ఆవిరి ముఖానికి కొట్టకూడదు. అప్పుడు కుర్చీలో కూర్చుని, గిన్నెకు జానెడున్నర ఎత్తున ముఖం ఉంచి, తువ్వాలు వదులుగా కప్పుకుని, నోటితో నెమ్మదిగా పీల్చి వదలండి. ముక్కు దిబ్బడ ఉంటే ముక్కుతోనూ పీల్చవచ్చు. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడుసార్లు. మంచం మీద కూర్చుని ఒళ్ళో గిన్నె పెట్టుకోవడం, నేల మీద పెట్టి పిల్లలు తిరిగేచోట వంగడం పనికిరావు. చిన్నపిల్లలకు గిన్నెతో ఆవిరి పట్టనే వద్దు. ఖర్మ చాలక నీళ్ళు ఒలికితే, కాలినచోట కుళాయి కింద చల్లని నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. సిరా, టూత్‌పేస్టు, పిండి పూయకండి.

నీళ్ళలో ఏదైనా వెయ్యాలా అంటే, అక్కరలేదు. ఘాటు బామ్ వేస్తే ముక్కు తెరుచుకున్నట్టనిపిస్తుంది గాని, వాచిన గొంతులో కొందరికి మంట పుట్టి దగ్గు ఎక్కువవుతుంది. కర్పూరం బిళ్ళలు పిల్లల చేతికి అందేచోట ఉంచడమే ప్రమాదం, మింగితే విషం. ఉత్త నీళ్ళ ఆవిరి చాలు.

మందుల దుకాణానికి వెళ్ళి "గొంతు పోయింది, గట్టి మాత్ర ఇవ్వండి" అనడం మనవాళ్ళకు అలవాటు. ఆయన ఐదు యాంటీబయోటిక్ మాత్రలు చుట్టి ఇస్తాడు. జలుబుతో వచ్చే బొంగురు గొంతు దాదాపుగా వైరస్ వల్ల వచ్చేది. యాంటీబయోటిక్ వైరస్ మీద పనిచెయ్యదు. అయిదో రోజున గొంతు బాగుపడితే మాత్రల వల్లేననుకుంటాం. వేసుకోకపోయినా అయిదారు రోజులకు బాగుపడేదే. ఒళ్ళునొప్పులకు, జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. అరిచి గొంతు పోయినవాళ్ళు మాత్రం తమంత తాము ఆస్పిరిన్ వేసుకోవద్దు, ఎందుకంటే అది రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది. గుండెకోసం డాక్టరు రాసిచ్చిన ఆస్పిరిన్ అయితే మానకండి, డాక్టరును అడగండి.

మా తోడికోడలి గొంతు ఎలా తిరిగి వచ్చిందో రోజువారీగా చెబితే మీకొక అంచనా దొరుకుతుంది. మొదటి రెండు రోజులు గాలి తప్ప శబ్దం లేదు. మూడో రోజున, అంటే వ్రతం మర్నాడు, మగగొంతులా బొంగురుగా శబ్దం వచ్చింది. వచ్చింది కదాని ఆ సాయంత్రం ఊరికి బయల్దేరుతున్న చుట్టాలందరితో గంటసేపు మాట్లాడింది. నాలుగో రోజున మళ్ళీ వెనక్కి పోయింది. ఇక్కడే చాలామంది జారిపడతారు. గొంతు వచ్చినంత మాత్రాన వాపు పోయినట్టు కాదు. అయిదో రోజునుంచి బుద్ధిగా ఉంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మాత్రమే మాట. వారం దాటేసరికి మామూలు మాటలకు గొంతు సరిపోయింది, సాయంత్రానికి మాత్రం అలసేది. పది పన్నెండు రోజులకు పూర్తిగా సర్దుకుంది.

పూర్తిగా సర్దుకుందని ఎలా తెలుస్తుంది? మాటతో తెలియదు. నిద్రబుచ్చే పాటలా చాలా మెల్లగా, కాస్త పైస్థాయిలో "ఊఁ" అని తియ్యండి. వాపు మిగిలి ఉంటే ఆ మెత్తని పైగొంతు మధ్యలో తెగిపోతుంది, లేదా గాలి వచ్చి ఆగి శబ్దం వస్తుంది. గట్టిగా అంటే పలుకుతుంది గాని మెత్తగా అంటే పలకదు. అది తెగకుండా సాఫీగా వచ్చేదాకా పాటలూ కేకలూ పెట్టుకోకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎన్నాళ్ళు? జలుబుతోనో అరుపుతోనో పోయిన గొంతు మామూలుగా వారం నుంచి రెండు వారాల్లో వస్తుంది. రోజురోజుకూ కొంచెమైనా మెరుగు కనబడాలి, అదే గుర్తు. దగ్గు ఆగక మూడో వారందాకా లాగిన సందర్భాలూ ఉంటాయి. మూడు వారాలైనా తేడా లేకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. నాలుగు వారాలు దాటితే ఇక సాకులు చెప్పకూడదు. అమెరికాలో ఆ డాక్టర్ల సంఘం 2009లో ఇచ్చిన సూచనల్లో, బొంగురు తగ్గకపోతే ఎంత ఆలస్యమైనా మూడు నెలల్లోగా స్వరపేటికను చూడాలన్నారు. 2018లో దాన్ని నాలుగు వారాలకు తగ్గించారు. అదీ సాధారణమైన వాళ్ళకే. అనుమానించే కారణముంటే నాలుగు వారాలు కూడా ఆగవద్దన్నారు.

ఆ కారణాలేమిటో చెప్పాలి. జలుబూ లేదు, అరుపూ లేదు, ఊరికే గొంతు మారింది. లేదా పొగ తాగేవాళ్ళ గొంతు, పొగాకు నమిలేవాళ్ళ గొంతు మారింది. మింగుడు కష్టంగా ఉంది, ఒక చెవిలోకి పోటు వస్తోంది, మెడలో గడ్డ తగులుతోంది, దగ్గులో రక్తం చార పడుతోంది. రెండు వారాలకు మించిన దగ్గు ఉండి మనిషి చిక్కిపోతుంటే క్షయ పరీక్ష చేయించాలి, అది స్వరపేటికకూ రావచ్చు. థైరాయిడ్ ఆపరేషన్ తరువాత గొంతు మారితే ఆ డాక్టరుకు వెంటనే చెప్పాలి. ఇంకొకటి, ఇది మన ఆడవాళ్ళలో ఎక్కువ. థైరాయిడ్ మందగించినా గొంతు మెల్లగా మొద్దుబారుతుంది. దానితో ఒళ్ళు బరువెక్కడం, చలి ఓర్చలేకపోవడం, మలబద్ధకం ఉంటే ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది.

ఈ సందర్భంలో మీ గొంతే కాదు, మీ ఇంట్లో మగవాళ్ళ గొంతు కూడా వినమంటాను. మా వీధిలో ఒక రిటైరైన పెద్దాయన ఉన్నారు, నలభై ఏళ్ళుగా సిగరెట్లు. సంక్రాంతి చలికి జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. జలుబు వారంలో పోయింది, బొంగురు పోలేదు. "చలికాలం పోతే అదే పోతుంది" అన్నారాయన. శివరాత్రి వెళ్ళింది, చలీ వెళ్ళింది, గొంతు అలాగే ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు, భోజనం బాగానే చేస్తున్నారు. ఆయన భార్య పెద్ద చదువుకున్న మనిషి కాదు, కాని లెక్క తెలిసిన మనిషి. "జలుబు పోయి ఆరు వారాలైంది, ఇది జలుబు గొంతు కాదండీ" అని పట్టుపట్టి తీసుకువెళ్ళింది. ఒక స్వరతంత్రి అంచున చిన్న పొక్కులాంటిది కనబడింది. ముక్క తీసి పరీక్ష చేస్తే కాన్సరు. అది ఆ మడత దాటి ఎక్కడికీ పాకలేదు. రేడియేషన్ ఇచ్చారు, ఇప్పుడు కాస్త జీరగానైనా శుభ్రంగా మాట్లాడుతున్నారు. స్వరతంత్రుల మీద వచ్చే కాన్సరుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. చాలా చిన్నగా ఉండగానే గొంతు మార్చి తన రాక చెబుతుంది. తొందరగా చూస్తే చాలామందికి నయమవుతుంది, గొంతూ దక్కుతుంది. ఆ కబురు విని కూడా నెలల తరబడి కరక్కాయ నములుతూ కూర్చుంటే ఆ అవకాశం చేజారిపోతుంది.

రోజులు లెక్కపెట్టకుండా వెంటనే వెళ్ళవలసినవి రెండున్నాయి. ఊపిరి ఆడకపోవడం, పీల్చేటప్పుడు ఈలవంటి శబ్దం రావడం, చొంగ మింగలేక కార్చుకోవడం. వీటిలో ఏది ఉన్నా పెద్దలకైనా పిల్లలకైనా అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకుపోవాలి. చిన్నపిల్లలు అర్ధరాత్రి కుక్క మొరిగినట్టు దగ్గుతూ ఊరికే పడుకున్నా ఆ శబ్దం చేస్తుంటే తెల్లవారేదాకా ఆగకండి. రెండవది, అరుస్తూ అరుస్తూ ఉండగా లేదా పాట మధ్యలో, తీగ తెగినట్టు ఒక్క క్షణంలో గొంతు పోవడం. అప్పుడు మడత లోపల చిన్న రక్తనాళం చిట్లి ఉండవచ్చు. ఆ మనిషి ఒక్క మాటైనా మాట్లాడకూడదు. ఇక్కడ మాత్రం మౌనవ్రతమే. ఒకటి రెండు రోజుల్లో డాక్టరు చూడాలి.

డాక్టరు దగ్గర ఏం చేస్తారోనని భయపడి వాయిదా వేసేవాళ్ళున్నారు. నాలుక పట్టుకుని చిన్న అద్దం గొంతు వెనక్కి పెట్టి చూస్తారు. లేదా ముక్కులో మొద్దుబార్చే మందు చల్లి, సన్నని కెమెరా గొట్టం ముక్కులోంచి దింపి "ఈ" అనమంటారు. కొన్ని నిమిషాల పని, మత్తు అక్కరలేదు. కాస్త తుమ్ము వచ్చినట్టు, కళ్ళు చెమర్చినట్టు ఉంటుంది. చాలాచోట్ల ఆ మడతలు ఎలా కదులుతున్నాయో మీకే తెర మీద చూపిస్తారు. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి: గొంతు ఏ తారీఖున పోయింది, ఆనాడు జలుబుందా, అరిచారా, రోజులో ఏ వేళ ఎక్కువగా ఉంటుంది, ఏ మందులు వాడుతున్నారు, ఉబ్బసానికి పీల్చే మందు ఉందా, ఇంట్లో పొగ తాగేవారున్నారా. గొంతు లేనప్పుడు ఆ కాగితం చేతికిస్తే సరిపోతుంది.